నాలుగు శాతానికే ఖాళీ అయిన ఖాతా

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ దిగి కోచింగ్ సెంటర్ల సందుల్లోకి నడిస్తే, టీ కొట్ల దగ్గర ఇప్పుడు కొత్త మాటలు వినబడుతున్నాయి. ఒకప్పుడు గ్రూప్స్ నోటిఫికేషన్, జావా బ్యాచ్, బ్యాంకు పరీక్షల కటాఫ్ గురించి మాట్లాడుకునేవాళ్లు. ఇప్పుడు వాటి మధ్యలో ‘లాంగ్ కొట్టినా’, ‘ఇరవై ఎక్స్’, ‘లిక్విడేట్ అయింది’ అనే మాటలు కూడా దొర్లుతున్నాయి. నేను ఉండేది ఎల్బీనగర్‌లో, పని చేసేది సాఫ్ట్‌వేర్‌లో. అందుకే చుట్టాల పిల్లలకు ఫోన్‌లో ఏ యాప్ అర్థం కాకపోయినా నా దగ్గరికే వస్తారు.

మా పిన్ని కొడుకు కూడా అలాగే వచ్చాడు. సూర్యాపేట వైపు కుర్రాడు, దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉంటూ టెస్టింగ్ కోర్సు నేర్చుకుంటున్నాడు. రెండో విడత కోర్సు ఫీజుకని మా బాబాయి పంపిన డబ్బులో పది వేలు బిట్‌కాయిన్ ఫ్యూచర్స్‌లో పెట్టాడు. ఇరవై అయిదు రోజుల తర్వాత ఓ పొద్దున లేచి చూస్తే ఒక్క రూపాయి లేదు. వాడు డబ్బు పోయిందని ఏడవలేదు. లెక్క తేలడం లేదని అడిగాడు.

“ఐదు శాతం పడితేనే పోతదని తెలుసన్నా. కానీ నాలుగే పడ్డది. పొద్దుటికి మళ్లీ లేచింది కూడా. మరి నా పైసలు ఎట్ల పోయినయ్?”

మంచి ప్రశ్న. ఈ ఆట మొత్తం ఆ ఒక్క శాతం తేడాలోనే ఉంది. లెక్క సులువుగా ఉండాలని బిట్‌కాయిన్ ధర సరిగ్గా కోటి రూపాయలు అనుకుని చెబుతాను.

మా ఎల్బీనగర్, హయత్‌నగర్ వైపు వాళ్లకు లివరేజ్ అంటే ఏమిటో పాఠం చెప్పక్కర్లేదు. కోటి రూపాయల ప్లాటుకు అయిదు లక్షలు అడ్వాన్సు ఇచ్చి అగ్రిమెంటు రాయించుకుని, రిజిస్ట్రేషన్ గడువు లోపే కోటీ అయిదుకు ఇంకొకరికి తిప్పేసేవాళ్లు ఇక్కడ ప్రతి కాలనీలో ఉంటారు. పెట్టింది అయిదు లక్షలు, వచ్చింది అయిదు లక్షలు. ప్లాటు పెరిగింది అయిదు శాతమే గానీ వాళ్ల డబ్బు రెట్టింపైంది. అదే ఇరవై రెట్ల లివరేజ్. ఆ అడ్వాన్సే మార్జిన్.

తేడా ఎక్కడంటే, ప్లాటు అమ్మిన పెద్దమనిషి మధ్యలో రేటు తగ్గిందా పెరిగిందా అని రోజూ చూడడు. గడువు వచ్చేదాకా ఆగుతాడు. క్రిప్టో ఎక్స్ఛేంజీ అలా ఆగదు. సెకను సెకనుకూ చూస్తుంది. మీ అడ్వాన్సు కరిగి ఒక గీత దగ్గరికి రాగానే మిమ్మల్ని అడక్కుండా మీ బేరం రద్దు చేస్తుంది. ఆ గీతే లిక్విడేషన్ ధర.

మావాడు యాప్‌లో లివరేజ్‌ను ఇరవైకి జరిపి పది వేలు పెట్టాడు. అంటే వాడి చేతిలో ఉన్న బేరం విలువ రెండు లక్షలు, బిట్‌కాయిన్‌లో చెబితే 0.02. ధర అయిదు శాతం పడితే రెండు లక్షల మీద నష్టం పది వేలు. కాబట్టి 95 లక్షల దగ్గర పోతుందని వాడి అంచనా. నోటి లెక్కకు సరైనదే. కానీ మీ డబ్బు సున్నా అయ్యేదాకా ఎక్స్ఛేంజీ ఆగితే, అమ్మేలోపు ధర ఇంకొంచెం జారిన నష్టం దాని నెత్తిన పడుతుంది. అందుకే కొంత ముందే కోసేస్తుంది. బేరం విలువలో ఇంత శాతం ఎప్పుడూ మీ ఖాతాలో మిగిలి ఉండాలని షరతు పెడుతుంది. దాన్నే మెయింటెనెన్స్ మార్జిన్ అంటారు. బిట్‌కాయిన్‌లో చిన్న బేరాలకు ఇది సుమారు అర శాతం ఉంటుంది. చిన్న కాయిన్లకూ, పెద్ద బేరాలకూ ఇంకా ఎక్కువ.

ఆ అర శాతాన్ని కలిపితే లెక్క ఇలా వస్తుంది:

```
(200000 - 10000) / (0.02 * (1 - 0.005)) = 9547739
```

అంటే 95 లక్షల 48 వేల దగ్గరే గీత. అయిదు శాతం కాదు, నాలుగున్నర. యాప్‌లో `Liq. Price` అనే చోట మొదటి రోజు ఈ అంకే కనిపించింది. మావాడు దాన్ని స్క్రీన్‌షాట్ కూడా తీసి పెట్టుకున్నాడు. తర్వాత మళ్లీ ఆ చోటు చూడలేదు, స్క్రీన్‌షాట్ ఉంది కదా అని.

ఇదే లెక్కను వేరే లివరేజ్‌లకు వేసి చూపించాను. అయిదు రెట్లయితే ధర పంతొమ్మిదిన్నర శాతం పడేదాకా ఆగుతుంది. పది రెట్లయితే తొమ్మిదిన్నర. యాభై రెట్లయితే ఒకటిన్నర. వంద రెట్లయితే అర శాతమే. బిట్‌కాయిన్ అర శాతం కదలడానికి వార్త అక్కర్లేదు. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగేలోపు అటు ఇటు రెండుసార్లు కదులుతుంది.

సరే, నాలుగున్నర శాతం సంగతి తేలింది. కానీ వాడి ఖాతా నాలుగు శాతం లోపే పోయింది. మిగతా దూరాన్ని తినేసింది ఫండింగ్.

మన నిఫ్టీ ఫ్యూచర్స్‌కు గడువు తేదీ ఉంటుంది. ఆ రోజున ఫ్యూచర్ ధర, అసలు నిఫ్టీ ధర ఒకటై తీరాలి. అందుకే మధ్యలో ఎంత దూరం వెళ్లినా చివరికి దారికి వస్తాయి. పర్పెచువల్ అంటేనే గడువు లేనిది. ఎన్నాళ్లయినా పట్టుకోవచ్చు. మరి గడువే లేకపోతే దాని ధర అసలు బిట్‌కాయిన్ ధరతో ఎందుకు కలిసి నడవాలి? గడువు లేని ఫ్యూచర్స్ ఆలోచన 1990ల మొదట్లోనే ఆర్థికవేత్త రాబర్ట్ షిల్లర్ రాశారు. 2013లో నోబెల్ అందుకున్నవారిలో ఆయన ఒకరు. ఆయన మనసులో ఉన్నది క్రిప్టో కాదు, ఇళ్లలాంటి, రోజూ కొనుగోళ్లు జరగని ఆస్తులు. అంటే మా హయత్‌నగర్ ప్లాట్ల గురించే అన్నమాట! దాన్ని క్రిప్టోలోకి తెచ్చి జనానికి అలవాటు చేసింది బిట్‌మెక్స్ అనే ఎక్స్ఛేంజీ, 2016 మేలో.

రెండు ధరలనూ కలిపి ఉంచే తాడు ఫండింగ్ రేటు. పర్పెచువల్ ధర అసలు ధర కంటే పైన ఉంటే, పెరుగుతుందని కొన్నవాళ్లు, అంటే లాంగ్‌లు, పడుతుందని అమ్మినవాళ్లకు, అంటే షార్ట్‌లకు, కొంత డబ్బు కట్టాలి. కింద ఉంటే షార్ట్‌లు లాంగ్‌లకు కట్టాలి. ఎటువైపు గుంపు ఎక్కువైతే ఆ వైపు వాళ్లకు ఖర్చు పెరుగుతుంది, కొందరు బయటికి వెళ్తారు, ధర మళ్లీ దగ్గరికి వస్తుంది. ఈ డబ్బు యాప్ జేబులోకి పోదు, అవతలి బేరగాడికి పోతుంది. చాలా ఎక్స్ఛేంజీల్లో ఎనిమిది గంటలకోసారి లెక్క కడతారు. మన గడియారంలో పొద్దున అయిదున్నర, మధ్యాహ్నం ఒంటిగంటన్నర, రాత్రి తొమ్మిదిన్నర. ఆ నిమిషానికి బేరం మీ చేతిలో ఉంటేనే లెక్క, అయిదు నిమిషాల ముందు మూసేస్తే లేదు.

మామూలు రోజుల్లో ఆ రేటు 0.01 శాతం దగ్గర తిరుగుతుంది. చూడ్డానికి ఏమీ లేనట్టే ఉంటుంది. మావాడూ అదే అనుకున్నాడు. కానీ ఈ శాతం వాడు పెట్టిన పది వేల మీద కాదు, రెండు లక్షల మీద! అప్పుడు ఒక్కోసారికి ఇరవై రూపాయలు, రోజుకు అరవై. పది వేల మీద చూస్తే రోజుకు 0.6 శాతం. నెలకు వందకు రూపాయిన్నర, రెండు రూపాయల వడ్డీకే మన ఊళ్లలో ముక్కున వేలేసుకుంటాం. ఇది నెలకు వందకు పద్దెనిమిది రూపాయలు. ఇదీ మామూలు రోజుల మాట. అందరూ పెరుగుతుందని ఎగబడే రోజుల్లో రేటు 0.05 శాతానికి వెళ్తే, అదే బేరానికి రోజుకు మూడొందలు.

మొదట్లో వాడి ఖాతాలో పది వేల మార్జిన్, 118 రూపాయల ప్రవేశ ఫీజు పోగా ఇంకో 240 రూపాయలు చిల్లర ఉండింది. (ఫీజు కూడా రెండు లక్షల మీదే. 0.05 శాతం చొప్పున వంద రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ.) నాలుగు రోజుల ఫండింగ్‌ను ఆ చిల్లర కట్టింది. తర్వాత కట్టడానికి ఖాతాలో ఏమీ లేదు కాబట్టి మార్జిన్‌లోంచే కోయడం మొదలైంది. ఇరవై ఒక్క రోజులకు 1,260 రూపాయలు పోయాయి. రోజుకో రేటు ఉంటుంది గానీ సగటున అంతే తేలింది. మార్జిన్ 8,740కి దిగింది. పైన రాసిన లెక్కలో పది వేల చోట 8,740 పెట్టి చూడండి:

```
(200000 - 8740) / (0.02 * (1 - 0.005)) = 9611055
```

గీత 95 లక్షల 48 వేల నుంచి 96 లక్షల 11 వేలకు పైకి జరిగింది. ఇప్పుడు ధర 3.9 శాతం పడితే చాలు. ఆ రాత్రి సరిగ్గా 96 లక్షల దాకా దిగింది, పొద్దుటికి 98కి వెళ్లింది. స్క్రీన్‌షాట్‌లోని పాత గీత ప్రకారమైతే వాడు ఒడ్డున ఉన్నట్టే.

పది వేలు ఎటెటు పోయాయో కాగితం మీద రాశాం. ధర పడినందుకు 7,779. ఫండింగ్‌కు 1,260. మిగిలిన 961 రూపాయలు అర శాతం షరతు కింద ఉన్నవి. అవి లిక్విడేషన్ ఫీజుగా, ఎక్స్ఛేంజీ ఇన్సూరెన్స్ ఫండ్‌కు పోయాయి. అదే ధర దగ్గర వాడే స్వయంగా మూసేసుకుని ఉంటే ఆ 961లో ఫీజు పోగా ఎనిమిదొందల యాభై దాకా చేతికి వచ్చేవి. మావాడికి మొత్తం నష్టం కంటే ఆ 961 దగ్గరే ఎక్కువ కోపం వచ్చింది. నిజానికి కోపం రావాల్సింది ఆ 1,260 దగ్గర అని నా అభిప్రాయం. అది ఇరవై ఒక్క రోజులూ వాడి కళ్లెదుటే, హిస్టరీలో వరసగా కనిపిస్తూనే ఉంది.

అసలు ఈ పిల్లలు ఇక్కడికి ఎందుకు వస్తున్నారంటే, దానికీ కారణాలున్నాయి. మామూలుగా క్రిప్టో కొని అమ్మితే లాభం మీద 30 శాతం పన్ను. 2022 జులై 1 నుంచి అమ్మకం విలువపై 1 శాతం టీడీఎస్ కూడా ఉంది. ఫ్యూచర్స్‌లో కాయిన్ చేతులు మారదు కాబట్టి ఆ టీడీఎస్ లేదని యాప్‌లు చెప్పుకుంటాయి. ఇంకోవైపు స్టాక్ మార్కెట్ ఎఫ్‌అండ్‌ఓలో 2024 నవంబరు 20 నుంచి కొత్త ఇండెక్స్ కాంట్రాక్టు కనీస విలువను సెబీ 15 లక్షలకు పెంచింది. అక్కడ తలుపు ఎత్తు పెరిగితే, ఇక్కడ కొన్ని వందల రూపాయలతోనే లోపలికి రానిస్తారు. క్రిప్టో ఎక్స్ఛేంజీలు మనీలాండరింగ్ చట్టం కింద ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌లో నమోదు కావాలి, అంతే. ఎంత లివరేజ్ ఇవ్వాలో చెప్పే సెబీ కాపలా ఈ ఫ్యూచర్స్ మీద లేదు.

మావాడిది ఒక్కడి కథ. ఇలాంటి గీతలు లక్షల మందివి ఒకే చోట పేరుకుంటే ఏమవుతుందో 2025 అక్టోబరు 11, శనివారం తెల్లవారుజామున చూశాం. చైనా సరుకుల మీద అదనంగా 100 శాతం సుంకం వేస్తానని ట్రంప్ ప్రకటించినప్పుడు అమెరికాలో శుక్రవారం సాయంత్రం. మనకు రాత్రి రెండు దాటింది, హాస్టళ్లన్నీ నిద్రలో ఉన్నాయి. ఆ రోజంతా కలిపి బిట్‌కాయిన్ సుమారు 1,22,000 డాలర్ల నుంచి 1,05,000 దగ్గరికి జారింది. కొన్ని ఎక్స్ఛేంజీల్లో ఇంకా కిందికి.

పైన చెప్పిన దూరాలను ఈ పతనం పక్కన పెట్టి చూడండి. పడింది దాదాపు 14 శాతం. వంద, యాభై, ఇరవై రెట్లవాళ్లు మొదట్లోనే పోయారు. పది రెట్లవాళ్ల గీత తొమ్మిదిన్నర శాతం దగ్గర, వాళ్లూ పోయారు. అయిదు రెట్లవాళ్లు బిట్‌కాయిన్‌లో మిగిలారు. చిన్న కాయిన్లలోనైతే వాళ్లూ మిగల్లేదు, ఎందుకంటే వాటిలో చాలావాటి పతనం ఎన్నో రెట్లు ఎక్కువ. ఇరవై నాలుగు గంటల్లో 1,900 కోట్ల డాలర్లకు పైగా బేరాలు బలవంతంగా మూతపడ్డాయని, దెబ్బతిన్న ఖాతాలు దాదాపు 16 లక్షలని కాయిన్‌గ్లాస్ అనే సంస్థ లెక్కగట్టింది. అసలు మొత్తం ఇంకా ఎక్కువే ఉండొచ్చని కూడా ఆ సంస్థే అంది. అందులో అత్యధిక భాగం లాంగ్‌లే.

ఒక్క ప్రకటనకు అంత పతనమా అంటే, ప్రకటన మొదటి తోపు మాత్రమే. లాంగ్‌ను లిక్విడేట్ చేయడం అంటే దాన్ని మార్కెట్లో అమ్మేయడం. వంద రెట్లవాళ్లవి అమ్మితే ధర ఇంకాస్త పడుతుంది, అది యాభై రెట్లవాళ్ల గీతను తాకుతుంది. వాళ్లవి అమ్మితే ఇరవై రెట్లవాళ్ల గీత. ఆ వేళలో కొనేవాళ్లు తక్కువ, కొనుగోలు ఆర్డర్లు పెట్టే పెద్ద సంస్థలు కూడా పక్కకు తప్పుకుంటాయి. అలా ఒకరి బలవంతపు అమ్మకం పక్కవాడి గీతను చేరుతూ పోయింది.

ఆ రాత్రి ఇంకో వింత కూడా జరిగింది. అదృష్టం కొద్దీ షార్ట్ వైపు ఉండి లాభంలో ఉన్న కొందరి బేరాలను కూడా కొన్ని ఎక్స్ఛేంజీలు మూసేశాయి. దీన్ని ఆటో డీలివరేజింగ్ అంటారు. ఫ్యూచర్స్‌లో ఒకడి లాభం ఇంకొకడి నష్టం నుంచే రావాలి. ఓడినవాడి ఖాతా సున్నా దాటి కిందికి పోయి, ఇన్సూరెన్స్ ఫండ్ కూడా సరిపోకపోతే, గెలిచినవాడికి ఇవ్వడానికి డబ్బు ఉండదు. అప్పుడు గెలిచినవాడి బేరాన్ని అక్కడికక్కడే ఆపేస్తారు. లాభం అప్పటిదాకా వచ్చింది చేతికి ఇస్తారు గానీ, ఒక కాయిన్‌లో లాంగ్‌కు అడ్డుగా ఇంకోదాంట్లో షార్ట్ పెట్టుకున్నవాళ్లకు ఆ అడ్డు ఉన్నట్టుండి మాయమైపోతుంది. ఈ నిబంధన చాలా ఎక్స్ఛేంజీల షరతుల్లో రాసే ఉంటుంది.

మావాడు ఇదంతా విని, “అయితే లివరేజ్ తగ్గిస్తే సరిపోతదా అన్నా?” అన్నాడు. సరిపోతుంది గానీ ఏది తగ్గించాలో తెలియాలి. ధర రూపాయి కదిలితే మీకు ఎంత పోతుందన్నది లివరేజ్ అంకె మీద ఆధారపడదు, బేరం సైజు మీద ఆధారపడుతుంది. అదే రెండు లక్షల బేరానికి పది వేల బదులు నలభై వేలు మార్జిన్ పెడితే లివరేజ్ అయిదుకు దిగుతుంది, గీత దూరం జరుగుతుంది. ఫండింగ్ మాత్రం అదే అరవై రూపాయలు. నాలుగు శాతం పడితే నష్టం అదే ఎనిమిది వేలు. పది వేలే పెట్టి మూడు రెట్లు అనుకుంటే బేరం ముప్ఫై వేలు, ఫండింగ్ రోజుకు తొమ్మిది రూపాయలు, గీత ముప్ఫై మూడు శాతం కింద. రెండూ ‘లివరేజ్ తగ్గించడమే’. మొదటిదాంట్లో ప్రమాదంలో పెట్టిన డబ్బు నాలుగింతలైంది, రెండోదాంట్లో బేరమే చిన్నదైంది.

స్టాప్‌లాస్ పెట్టుకుంటే గీతను తాకకముందే బయటపడొచ్చు, మామూలు రోజుల్లో అది పనిచేస్తుంది కూడా. కానీ అక్టోబరు 11 లాంటి రాత్రి స్టాప్‌లాస్ కూడా మార్కెట్లోకి వెళ్లే ఇంకో అమ్మకపు ఆర్డరే. కొనేవాడు ఎక్కడ దొరికితే అక్కడే తెగుతుంది, మీరు రాసిన ధర దగ్గర కాదు. ఇంకో సంగతి, లిక్విడేషన్‌ను చూసేది చార్టులో పరుగెత్తే ధరను బట్టి కాదు. పలు ఎక్స్ఛేంజీల అసలు ధరల ఆధారంగా కట్టే `Mark Price` అనే వేరే అంకెను బట్టి. పక్కపక్కనే ఉంటాయి, ఒక్కోసారి తేడా ఉంటుంది. చార్టు చూసి ‘ఇంకా తాకలేదు కదా’ అనుకునేవాళ్లు చూడాల్సింది ఆ రెండో అంకె.

చివరగా, ఆర్డర్ పెట్టే చోట పైన `Isolated`, `Cross` అని రెండు ఎంపికలు ఉంటాయి. మావాడిది మొదటిది కాబట్టి ఆ బేరానికి కేటాయించిన పది వేలతోనే, వాటితో పాటు పోయిన చిల్లరతోనే ఆగింది. రెండోది ఎంచుకుంటే ఖాతాలో ఉన్నదంతా మార్జినే. గీత చాలా దూరంగా కనిపిస్తుంది, మనసుకు ధైర్యంగానూ ఉంటుంది. కానీ అక్కడిదాకా వచ్చిన రోజున ఖాతా మొత్తం పోతుంది. కొన్ని యాప్‌లలో కొత్త ఖాతా తెరిచినప్పుడు ముందుగానే టిక్ పెట్టి ఉండేది ఆ రెండోదే.